ఇంటర్న్‌షిప్ చివరి రోజున జట్టుకు చెప్పే రెండు నిమిషాల వీడ్కోలు మాట: నా చిత్తుప్రతిని కాస్త చూడగలరా?

తెల్లకోటు

అందరికీ నమస్కారం. నేను ఎమ్మెస్సీ అనలిటికల్ కెమిస్ట్రీ చివరి సంవత్సరం విద్యార్థినిని. హైదరాబాదు శివారులోని ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో, క్వాలిటీ కంట్రోల్ ల్యాబులో నేను చేస్తున్న ఆరు నెలల ఇంటర్న్‌షిప్ ఈ శుక్రవారంతో ముగుస్తుంది. ఆ రోజు సాయంత్రం టీ వేళకు అందరూ కలుస్తారనీ, అప్పుడు నన్ను రెండు నిమిషాలు మాట్లాడమనీ మా సెక్షన్ హెడ్ గారు చెప్పారు. ఆయన గుజరాత్ వారు. తెలుగు సగం అర్థమవుతుంది. మిగిలిన వారంతా మన వాళ్లే. నేను రాసుకున్నది ఇది:

"గౌరవనీయులైన సెక్షన్ హెడ్ గారికి, సీనియర్ అనలిస్టులకు, మిత్రులందరికీ హృదయపూర్వక నమస్సులు. మాట్లాడే అవకాశం కల్పించినందుకు ధన్యవాదాలు. ఆరు నెలల క్రితం ఏమీ తెలియని విద్యార్థినిగా ఇక్కడ అడుగుపెట్టాను. ఎన్నో విషయాలు నేర్చుకున్నాను. మీరంతా నన్ను సొంత ఇంటి పిల్లలా చూసుకున్నారు. ముఖ్యంగా మా సీనియర్ అన్నకు నా మీద ఎంత నమ్మకమంటే, నా వర్క్‌షీట్లు చూడకుండానే సంతకం పెట్టేసేవారు. ఆ ఫలానా మందు బ్యాచ్ ఫెయిలైన రాత్రి మనమంతా ల్యాబులోనే ఉండిపోవడం ఎన్నటికీ మరువలేను. తెలిసీ తెలియక ఏవైనా పొరపాట్లు చేసి ఉంటే పెద్ద మనసుతో క్షమించండి. త్వరలోనే ఉద్యోగినిగా మీ మధ్యకు తిరిగి వస్తానని ఆశిస్తూ సెలవు తీసుకుంటున్నాను."

ఫలానా అన్నచోట అసలు మందు పేరు ఉంది, ఇక్కడ తీసేశాను. ఇది రెండు నిమిషాలకు చాలదేమోనని నా భయం. ఇంకా ఏమి చేర్చాలో చెప్పగలరు.

మాటల మూట

చెల్లెమ్మా, బాగానే రాశావు కానీ మొదట్లో ఒక పద్యం పడాలి. వేమన పద్యమో, సుమతీ శతకంలోని పద్యమో ఒకటి ఎత్తుకుంటే సభ మొత్తం నీ వైపు తిరుగుతుంది. రెండో మాట, కాగితం చూసి చదవవద్దు. మొత్తం కంఠస్థం చేసి, కళ్లలోకి చూస్తూ చెప్పు. కాలేజీ వక్తృత్వ పోటీల్లో బహుమతులు తెచ్చిపెట్టిన సూత్రం ఇదే.

పాత క్యూసీ

నేను ఇలాంటి ల్యాబుల్లో అనలిస్టుగా చేరి, సమీక్షకుడిగా చాలా ఏళ్లు గడిపినవాడిని. ఇంటర్న్‌ల వీడ్కోలు మాటలు బాగానే విన్నాను. అందుకని చేర్చడం గురించి కాక, ముందుగా తీసేయడం గురించి చెబుతాను.

అమ్మా, మీ చిత్తుప్రతిలో రెండు వాక్యాలు ప్రమాదకరమైనవి. మీరు వాటిని మెచ్చుకోలుగా, ఆత్మీయంగా రాశారని నాకు తెలుసు. కానీ "చూడకుండానే సంతకం పెట్టేసేవారు" అన్న మాటను సెక్షన్ హెడ్ చెవితో ఒకసారి వినండి. వర్క్‌షీటు మీద సమీక్షకుడి సంతకం ఉందంటే తూకం అంకెలు, లెక్కలు, క్రొమాటోగ్రాములు, పరికరం లాగ్‌బుక్కులోని సమయాలు ఒకదానితో ఒకటి సరిపోయాయని ఆయన స్వయంగా చూశాడన్నమాట. చూడకుండా సంతకం చేశాడని పదిమందిలో అంటే అది ఆ అన్న మీద ఫిర్యాదు అవుతుంది. అది నిజం కాకపోయినా, నవ్వులాటకు అన్నా, విన్న పెద్దాయన దానిని వినలేదని అనుకోలేరు. వచ్చే సోమవారం ఆ అన్న సంతకం చేసిన వర్క్‌షీట్లను బయటికి తీసి చూడవలసి రావచ్చు. మీరు కృతజ్ఞత చెప్పాలనుకున్న మనిషికే అది తిప్పలు తెచ్చిపెడుతుంది.

రెండోది మందు పేరు, బ్యాచ్ ఫెయిలైన సంగతి. అది ల్యాబు గోడ దాటకూడని విషయం. గదిలో ఉన్న అందరికీ తెలిసిందే కదా అనిపిస్తుంది. అయితే వీడ్కోలు నాడు ఎవరో ఒకరు ఫోనులో వీడియో తీస్తారు, అది సాయంత్రానికి వాట్సాప్ గుంపుల్లోకి వెళుతుంది. మీరు చేరిన రోజున సంతకం చేసిన గోప్యత పత్రం ఇంటర్న్‌షిప్ ముగిసిన తరువాత కూడా వర్తిస్తుంది. ఆ రాత్రి అందరూ కలిసి పనిచేశారన్న అనుభూతి చెప్పాలంటే, "పని ఒత్తిడి ఎక్కువగా ఉన్న ఒక రాత్రి" అంటే చాలు. విన్నవాళ్లకు అది ఏ రాత్రో తెలిసిపోతుంది, వీడియో చూసిన బయటివాళ్లకు తెలియదు.

ఇక నిడివి సంగతి. నిలబడి, నిదానంగా, కాస్త ఆగుతూ మాట్లాడితే తెలుగులో నిమిషానికి 90 నుంచి 100 మాటలకు మించి సాగవు. నమస్కారాలకు, నవ్వులకు, మధ్యలో ఎవరో వేసే ఛలోక్తికి కొంత సమయం పోతుంది. కాబట్టి 150 మాటలు రాసుకుంటే రెండు నిమిషాలు నిండుతాయి. మీది చిన్నదిగా ఉండడం లోపం కాదు. అందులో ఏ ల్యాబులోనైనా, ఏ బ్యాంకులోనైనా చెప్పదగిన వాక్యాలే ఎక్కువగా ఉండడం లోపం. "ఎన్నో విషయాలు నేర్చుకున్నాను" అన్నచోట ఏమి నేర్చుకున్నారో ఒక్కటి చెప్పండి, ఎవరు నేర్పారో చెప్పండి.

మాటల మూట

పద్యం మాట మీరు పట్టించుకోలేదు గురువుగారూ.

పాత క్యూసీ

పట్టించుకునే వదిలేశాను. రెండు నిమిషాల మాటలో నాలుగు పాదాల పద్యానికీ, దాని భావానికీ అర నిమిషం పోతుంది. ఆ అర నిమిషంలో ముగ్గురు మనుషులకు పేరు పెట్టి కృతజ్ఞత చెప్పవచ్చు. కంఠస్థం గురించి మీరు చెప్పిన దానిలో సగం నిజముంది. మొదటి వాక్యం, చివరి వాక్యం నోటికి వచ్చి ఉండాలి, ఎందుకంటే గొంతు తడబడేది ఆ రెండు చోట్లే. మధ్యభాగం అక్షరం పొల్లుపోకుండా బట్టీ పడితే, ఒక మాట మరిచినప్పుడు మొత్తం ఆగిపోతుంది. పోటీ వేదిక మీద ఎదురుగా ఉన్నవాళ్లు తెలియనివాళ్లు. ఇక్కడ ఎదురుగా ఉన్నది ఆరు నెలలు పక్కనే కూర్చున్నవాళ్లు. అరచేతిలో పట్టే చిన్న అట్ట మీద పేర్లు మాత్రం వరుసగా రాసుకొని, దానిని చూస్తూ మాట్లాడినా ఎవరూ తప్పు పట్టరు.

బందరు బాబాయి

ఈ వ్యవహారమంతా ఎందుకమ్మా? ముందు నీ సర్టిఫికెట్ చేతికి వచ్చిందా లేదా చూసుకో. మా అబ్బాయి ఒక కంపెనీలో ఇంటర్న్‌షిప్ చేసి, చివరి రోజున కేకు కోసి, ఫొటోలు దిగి, ఇంటికి వచ్చాడు. సర్టిఫికెట్ "రేపు మెయిల్ చేస్తాం" అన్నారు. ఆ రేపు వచ్చేసరికి కాలేజీలో ప్రాజెక్టు రిపోర్టు సమర్పించే గడువు దాటిపోయింది. కాబట్టి నువ్వు మాట్లాడేటప్పుడే అందరి ముందు సర్టిఫికెట్ గురించి ఒక మాట వేసేయి. నలుగురిలో అడిగితే కాదనలేరు.

తెల్లకోటు

బాబాయి గారూ, నా సర్టిఫికెట్ మీద ఇప్పటికే సంతకాలు అయ్యాయి. నేను అడిగింది వీడ్కోలు ప్రసంగం గురించి మాత్రమేనండి.

హెచ్ఆర్ కుర్చీ

బాబాయి గారి బాధ న్యాయమైనదే. అయితే ఆ పనికి వేదిక ఇది కాదు. సర్టిఫికెట్, గైడు సంతకం, హాజరు పత్రం వంటివి చివరి వారం మొదట్లోనే మెయిల్ రాసి అడగాలి. అందరి ముందు అడిగితే సెక్షన్ హెడ్‌కు ఇబ్బంది, ఎందుకంటే చాలా చోట్ల ఆ కాగితం ఆయన చేతిలో ఉండదు, మా చేతిలో ఉంటుంది.

ఇదే కారణంతో చిత్తుప్రతిలోని చివరి వాక్యాన్ని కూడా తీసేయమంటాను. "త్వరలోనే ఉద్యోగినిగా తిరిగి వస్తానని ఆశిస్తూ" అంటే విన్నవాళ్లు ఏమి చేయాలి? ఖాళీ ఉందో లేదో హెడ్‌కే తెలియకపోవచ్చు. పక్కన మరో ఇంటర్న్ ఉంటే ఆమెకూ ఇరకాటమే. అందరూ చప్పట్లు కొడతారు గానీ ఆ నవ్వులో కాస్త బిగువు కనిపిస్తుంది. ఉద్యోగం కావాలంటే, ప్రసంగానికి ముందో మరునాడో హెడ్ గారిని విడిగా కలిసి, "ఇక్కడ ఖాళీ వస్తే నాకు ఆసక్తి ఉందండి" అని నేరుగా చెప్పండి. అది అడగడం తప్పేమీ కాదు.

సిక్కోలు చిన్నది

నాకు వేరే సందేహం ఉంది. పేర్లు చెప్పడం మొదలుపెడితే ఎవరిదో ఒకరిది తప్పిపోతుంది కదా? మా జట్టులో ఒకమ్మాయి వెళ్లిపోతూ ఏడుగురి పేర్లు చెప్పింది, ఎనిమిదో ఆయన పేరు మరిచింది. ఆయన ఆ రోజు కేకు కూడా తినలేదు. అందుకే "అందరికీ ధన్యవాదాలు" అని ఊరుకోవడమే మేలని నాకు అనిపిస్తుంది.

పాత క్యూసీ

మంచి సందేహమే. తొమ్మిది మంది ఉన్న జట్టులో మూడు పేర్లు చెబితే మిగిలిన ఆరుగురు లెక్కపెట్టుకోరు. ముగ్గురే ఎందుకో వాళ్లకు అర్థమవుతుంది. ఏడెనిమిది చెప్పి ఒక్కటి వదిలితేనే ఆ ఒక్కరికి గుచ్చుకుంటుంది. కాబట్టి ఇద్దరు ముగ్గురి దగ్గర ఆగిపోవాలి, లేదా అందరి పేర్లూ చెప్పాలి. మధ్యలో ఆగకూడదు. అందరి పేర్లూ చెప్పాలనుకుంటే హోదా వరుసలో కాక, కూర్చునే బల్లల వరుసలోనో పరికరాల వరుసలోనో చెప్పండి. కళ్ల ముందు గది ఉంటుంది కనుక ఎవరూ తప్పిపోరు, ఎవరు ముందు ఎవరు వెనుక అన్న పేచీ రాదు.

ఇంకొకటి. టీ వేళకు గదిలో లేనివాళ్లను మరవవద్దు. ఉదయం షిఫ్టు ముగించి వెళ్లిపోయినవాళ్లు, గాజు సామాను కడిగే ఆవిడ, శాంపిళ్లు మోసుకొచ్చే కుర్రాడు. వాళ్లలో ఒకరి గురించి చెబితే అది తప్పకుండా వాళ్ల చెవిన పడుతుంది.

హెచ్ఆర్ కుర్చీ

క్షమాపణ వాక్యం గురించి ఎవరూ మాట్లాడలేదు. "పొరపాట్లు చేసి ఉంటే క్షమించండి" అనేది మన పెళ్లి పిలుపుల్లోనూ, సభల ముగింపులోనూ ఉండే మర్యాద. ఇంట్లో అది అందంగానే ఉంటుంది. క్వాలిటీ ల్యాబులో మాత్రం పొరపాటు అన్న మాటకు వేరే బరువు ఉంది. అక్కడ జరిగిన పొరపాటు కాగితం మీద నమోదై, దానిపై విచారణ జరిగి, మూతపడి ఉండాలి. "తెలిసీ తెలియక" అంటే నమోదు కానిది ఏదైనా ఉందా అని సరదాకైనా ఎవరో అడుగుతారు.

పాత క్యూసీ

ఆ వాక్యం విషయంలో నేను అంత కఠినంగా ఉండను. మర్యాదను మర్యాదగానే వింటారు. తీసేస్తే మాత్రం పది మాటల చోటు మిగులుతుంది, అది నిజం.

డాలస్ తెలుగోడు

హెడ్ గారికి తెలుగు సగమే వచ్చన్నారు కాబట్టి మొత్తం ఇంగ్లీషులోనే మాట్లాడితే నయం కాదా? ఇక్కడ మా ఆఫీసులో నేను అలాగే చేశాను. అందరికీ అర్థమైంది, రెండు నిమిషాల్లో అయిపోయింది.

సిక్కోలు చిన్నది

మీ ఆఫీసులో అందరికీ ఇంగ్లీషు వచ్చు. గాజు సామాను కడిగే ఆవిడకు ఆ ఇంగ్లీషు ముక్క ఎందుకండీ? ఎనిమిది మంది తెలుగువాళ్లను పక్కన పెట్టి ఒక్కరి కోసం మాట్లాడినట్టు ఉంటుంది.

డాలస్ తెలుగోడు

ఆ ఒక్కరే కదా పిలిచి మాట్లాడమన్నది. ఆయన ఎదురుగా నిలబడి ఆయనకు అర్థం కాని భాషలో రెండు నిమిషాలు మాట్లాడడం నాకు మర్యాదగా తోచదు.

తెల్లకోటు

ఇద్దరి మాటా ఆలోచించాను. తెలుగులోనే మాట్లాడి, హెడ్ గారికి చెప్పే రెండు వాక్యాలను మాత్రం ఇంగ్లీషులో చెబుదామని అనుకుంటున్నాను. ఇక్కడ ఆ భాగాన్నీ తెలుగులోనే రాశాను. పేర్లు తీసి అక్క, అన్న వంటి పిలుపులు మాత్రం ఉంచాను. మార్చిన ప్రతి ఇది:

"అందరికీ నమస్కారం. ఈ రోజు నా ఇంటర్న్‌షిప్ పూర్తవుతోంది. వెళ్లేముందు ముగ్గురికి కృతజ్ఞత చెప్పుకోవాలి.

నేను చేరిన మొదటి వారంలో అక్క నన్ను హెచ్‌పీఎల్‌సీ పంపు పక్కన నిలబెట్టి, ప్రెషర్ అంకెను చూస్తూ ఉండమన్నారు. అది నిలకడగా ఉంటే సరే, ఊగుతుంటే లోపల గాలి బుడగ ఉందేమో చూడమన్నారు. పుస్తకంలో చదివినప్పుడు పట్టుబడని సంగతి అప్పుడు తెలిసింది.

అన్న నా వర్క్‌షీట్లలో ఏ అంకెనూ వదలకుండా చూసేవారు. తప్పు రాసినచోట దిద్దనివ్వరు. ఒక్క గీత గీసి, పక్కన సంతకం, తేదీ వేయించేవారు. కింద ఉన్న పాత అంకె కనబడాలి అనేవారు. ఇప్పుడు నా క్లాసు నోట్సులో కూడా అలాగే కొట్టివేస్తున్నాను.

గాజు సామాను గదిలోని అమ్మ, కడిగిన ఫ్లాస్కును వెలుతురుకు ఎత్తి చూపించేవారు. నీరు పొరలా జారితే శుభ్రం, చుక్కలుగా నిలిస్తే ఇంకా జిడ్డు ఉన్నట్టే అని చెప్పింది ఆవిడే.

సార్, మీరు నా ప్రశ్న వినడానికి ఎప్పుడూ కుర్చీ తిప్పి కూర్చునేవారు. అందుకే అడగడానికి భయపడలేదు. ధన్యవాదాలు.

నా బల్ల మీది ద్రావణాలన్నింటినీ పారవేసి, నమోదు చేశాను. లాగ్‌బుక్కులు అన్నకు అప్పగించాను. ఇక సెలవు."

మాటల మూట

పద్యం లేకపోయినా బాగుంది, ఒప్పుకుంటున్నాను. క్లాసు నోట్సు దగ్గర అందరూ నవ్వుతారు. అక్కడ ఆగు తల్లీ, నవ్వు పూర్తి కాకముందే తరువాతి వాక్యం మొదలుపెట్టకు.

పాత క్యూసీ

అన్న గురించి పాత ప్రతిలో ఉన్న వాక్యాన్నీ, ఇప్పుడున్న దానినీ పక్కపక్కన పెట్టి చూడండి. చూడకుండా సంతకం పెట్టేవాడన్నది పోయి, ఏ అంకెనూ వదలడన్నది వచ్చింది. హెడ్ ముందు ఒక సమీక్షకుడికి ఇంతకన్నా మంచి మాట ఉండదు. అయితే ఒక్క షరతు, అది నిజమై ఉండాలి. ఆ అన్న నిజంగా చూసే మనిషేనా? కాకపోతే ఆ వాక్యం విని జట్టులో ఇద్దరు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

చివర అప్పగింత గురించి చెప్పిన రెండు వాక్యాలు నాకు నచ్చాయి. ఇంటర్న్ వెళ్లిపోయాక సగం వాడిన ద్రావణం సీసా లేబులు మీద ఆమె పేరుతో రెండు వారాలు మిగిలిపోవడం చాలా ల్యాబుల్లో చూశాను. మీ మాట విన్నవాళ్లకు ఆ దిగులు ఉండదు. కానీ చెప్పే ముందు నిజంగానే ఫ్రిజ్‌లో ఒకసారి వెతకండి.

తెల్లకోటు

అన్న నిజంగానే చూస్తారండి. పాత వాక్యం ఆయన ఒకసారి నవ్వుతూ అన్న మాట నుంచి వచ్చింది. దానిని అలా రాయకుండా ఉండవలసింది. ఫ్రిజ్ రేపు చూస్తాను.

హెచ్ఆర్ కుర్చీ

హెడ్ గారి గురించి చెప్పిన మాట చివరలో వచ్చింది. కొన్ని చోట్ల ఆయనను మొదట చెప్పకపోతే లోపంగా భావిస్తారు. మొదటి నమస్కారంలోనే "సార్‌కు, అందరికీ నమస్కారం" అని చేరిస్తే ఏ గొడవా ఉండదు.

సిక్కోలు చిన్నది

నాకు మాత్రం చివర ఉండడమే బాగుంది. మొదట చెబితే అది ఆనవాయితీ, చివర చెబితే మనసులో మాట.

హెచ్ఆర్ కుర్చీ

మీ మాట మీ జట్టుకు చెల్లుతుందేమో. నేను చూసిన హెడ్‌లలో కొందరు అలా వినరు.

బందరు బాబాయి

ఇంత చదివాక నాకూ అర్థమైంది, సర్టిఫికెట్ మాట ఎత్తవద్దు. కానీ కంపెనీ బస్సు ఎన్నింటికమ్మా? మా అబ్బాయి చివరి రోజున మాట్లాడుతుంటే సగం మంది గోడ గడియారం వైపే చూశారట.

తెల్లకోటు

అయిదున్నరకు బాబాయి గారూ. టీ వేళ అయిదింటికి. పది నిమిషాలు కేకుకు పోయినా సరిపోతుందనే అనుకుంటున్నాను.

పాత క్యూసీ

కేకు కోశాక చేతికి పళ్లెం వస్తే ఎవరూ వినరు. ముందు మాట్లాడతానని మీరే హెడ్ గారికి చెప్పండి. గేటు దగ్గర యాక్సెస్ కార్డు అప్పగించి, రసీదు తీసుకోవడానికి కూడా కొంత సమయం పడుతుంది. అందుకే దానిని బస్సు వేళ దాకా ఆపకుండా మధ్యాహ్నమే కనుక్కోండి. కొన్ని కంపెనీల్లో కార్డు ఇచ్చేస్తే మళ్లీ లోపలికి రానివ్వరు, అలాగైతే ప్రసంగం అయ్యాకే ఇవ్వాలి.

డాలస్ తెలుగోడు

మా జట్టులోని ఇంటర్న్ ఒకరు వచ్చే వారం వీడియో కాల్లోనే వీడ్కోలు చెబుతున్నారు. జట్టు మూడు దేశాల్లో ఉంది, అట్ట మీద పేర్లు రాసుకోవడం సరే, బల్లల వరుస అనేది అక్కడ ఉండదు కదా. తెర మీద పేర్లు ఒక్కొక్కరికి ఒక్కో వరుసలో కనిపిస్తాయి. ఇలాంటప్పుడు ఏ వరుసలో చెప్పమంటారు?

పాత క్యూసీ

అది నేను చేసి చూడలేదు. పని చేతులు మారే వరుసలో, అంటే ఎవరి దగ్గర మొదలై ఎవరి దగ్గరికి చేరుతుందో ఆ క్రమంలో చెప్పవచ్చునేమో. అలా మాట్లాడినవారు ఎవరైనా ఉంటే చెప్పండి.